సారాంశం పూర్తయ్యాక మూలంతో సరిచూడటం ఎలా? (ధవళేశ్వరం పాఠం ఉదాహరణగా)

రాజోలు_టీచర్
అందరికీ నమస్కారం. మా గ్రంథాలయంలో పిల్లల కోసం గోదావరి మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. పదకొండు పేజీల అధ్యాయాన్ని ఒక పేజీకి కుదించాను. ఇక అచ్చుకు పంపాలి. చదువుతుంటే అంతా సాఫీగానే ఉంది, కానీ మూలంతో సరిపోయిందో లేదో ఎలా తేల్చుకోవాలో తెలియడం లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కళ్ళు వాక్యాల మీద జారిపోతున్నాయి. సారాంశంలో ఒక ముక్క ఇది:

"1832-33 కరువు, 1839 ఉప్పెనల తరవాత కాటన్ 1844లో గోదావరి మీద ఆనకట్ట కట్టించి డెల్టాను కరువు నుంచి కాపాడారు. నాలుగు లంకల మీదుగా సాగిన ఈ ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో 1982లో 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలుతుంది. వరద 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 1986లో ఇది 75.6 అడుగులకు చేరింది."

భీమవరం_శ్రీను
టీచర్ గారూ, దీనికి అంత ఆలోచన ఎందుకండి. తప్పులు పడేది అంకెల్లోనూ పేర్లలోనూ. సారాంశంలో ఉన్న ప్రతి అంకెనీ మూలం ఫైలులో Ctrl+F కొట్టి వెతకండి. దొరికితే సరి, దొరక్కపోతే తప్పు. పేర్లూ అంతే. పావుగంట పని.

పెదపట్నం_కుమారి
"తరవాత" అని రాశారు, "తర్వాత" అని ఉండాలి కదా? అచ్చుకు వెళ్ళేముందు ఇలాంటివి సరిచూసుకోవాలి.

రాజోలు_టీచర్
కుమారి గారూ, వర్ణక్రమం చూసేవారు వేరే ఉన్నారండి. నా అనుమానం విషయం గురించి. శ్రీను గారు చెప్పినట్టే చేశాను. అన్ని అంకెలూ దొరికాయి, పేర్లూ దొరికాయి. మరి సరిపోయినట్టేనా?

గ్యాలీ_పెన్సిల్
సరిపోలేదమ్మా. మూలంలో ఆ విషయాలు ఉన్న వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. ఆ తరవాత మాట్లాడుకుందాం. మూలం చూడకుండానే రెండు చోట్ల నాకు అనుమానం వస్తోంది, అయినా ముందే చెప్పను.

రాజోలు_టీచర్
ఇవిగోండి. పేజీలు వేరువేరు కాబట్టి నేనే నంబర్లు వేశాను.

1. 1832-33లో కరువు, 1839లో తుపానుతో వచ్చిన ఉప్పెన ఈ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీశాయి.
2. గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టాలని కాటన్ 1844లో ప్రభుత్వానికి నివేదించారు.
3. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.
4. నది మధ్యలో ఉన్న లంకలను వాడుకుంటూ ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టారు.
5. పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది.
6. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మరికొంత దిగువన వైనతేయ విడిపోతుంది.
7. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75కి రెండో, 17.75కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఎగువన భద్రాచలం దగ్గర ఈ మట్టాలు 43, 48, 53 అడుగులు.
8. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది.

గ్యాలీ_పెన్సిల్
శ్రీను చెప్పినది సగం నిజం. అంకె తప్పు పడితే Ctrl+F పట్టిస్తుంది. కానీ కుదించేటప్పుడు అంకె చెడటం తక్కువ, అంకె పక్క వాక్యం మీదికి దూకడమే ఎక్కువ. 1844 మూలంలో ఉంది, సారాంశంలోనూ ఉంది. అయితే మూలంలో అది నివేదిక ఇచ్చిన సంవత్సరం, సారాంశంలో ఆనకట్ట కట్టించిన సంవత్సరం. వెతుకుడు పెట్టెకి ఈ తేడా కనిపించదు.

రెండూ పక్కపక్కన పెట్టి చదివితే కళ్ళు జారడం మామూలే. మీరు రాసినది మీకు తెలుసు, మూలం కూడా తెలుసు. సారాంశం చదువుతుంటే మూలంలోని అర్థం మీ తలలోంచి వచ్చి ఖాళీలు నింపేస్తుంది. అందుకని చదవడం మానేసి విరవాలి. సారాంశంలో ఒక్కో వాక్యాన్ని, ఒక్కో సంగతి చెప్పే పొట్టి వాక్యాలుగా విరిచి కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. మీ మొదటి వాక్యం ఒక్కటే ఇలా విరుగుతుంది:

– 1832-33లో కరువు వచ్చింది.
– 1839లో ఉప్పెన వచ్చింది.
– వాటి తరవాత కాటన్ ఆనకట్ట కట్టించారు.
– కట్టించింది 1844లో.
– ఆ ఆనకట్ట డెల్టాను కరువు నుంచి కాపాడింది.

ఒక్క వాక్యంలో అయిదు సంగతులు. ఇప్పుడు ప్రతి సంగతికీ ఎదురుగా మూలంలో దాన్ని చెప్పే వాక్యం నంబరు వేయండి. మొదటి రెండింటికీ 1. మూడోదానికి 2, 3 కలిపి. నాలుగోదానికి 2 వేయబోతే పెన్ను ఆగుతుంది, ఎందుకంటే 2లో ఉన్నది "నివేదించారు" మాత్రమే. అయిదోదానికి పైన పెట్టిన వాటిలో నంబరే లేదు. అధ్యాయంలో మరోచోట ఉందేమో చూడండి.

రాజోలు_టీచర్
కాలువల కింద సాగు పెరిగిందని ఉందండి. "కరువు నుంచి కాపాడారు" అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

గ్యాలీ_పెన్సిల్
అయితే అది మూలం చెప్పిన మాట కాదు, మీరు చెప్పిన మాట. నిజమే కావచ్చు, ఇక్కడ ఎవరూ కాదనరు కూడా. అయినా "ఈ అధ్యాయం సారాంశం" అని పైన రాసి అధ్యాయంలో లేని తీర్పు లోపల పెట్టకూడదు. "కాలువల కింద సాగు పెరిగింది" అని మూలం మాటే పెట్టండి. పొడవు కూడా తగ్గుతుంది.

ఈ తప్పు ఎక్కడ పుట్టిందో కూడా గమనించండి. "నివేదించారు. పని మొదలై పూర్తయింది. సాగు పెరిగింది." మూలంలో మూడు క్రియలు, ముగ్గురు కర్తలు. వీటిని ఒకే వాక్యంలో కుక్కడానికి "కట్టించి కాపాడారు" అన్నారు. తెలుగులో "చేసి", "కట్టించి", "వచ్చి" అని గొలుసు కట్టడం సులువు. గొలుసు కట్టగానే పనులన్నీ ఒకే మనిషివీ ఒకే సమయానివీ అయిపోతాయి. ఎక్కడ "-ఇ"తో ఆగే క్రియ కనిపించినా అక్కడ వాక్యాన్ని విరిచి, ప్రతి ముక్కకీ "ఎవరు, ఎప్పుడు" అని అడగండి. మీ ముక్కలో సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

కాలువగట్టు
రెండో వాక్యం కూడా చూడండి. "నాలుగు లంకల మీదుగా" అన్నారు. మూలంలో నాలుగు అన్నది ఆనకట్ట భాగాలకు, లంకలెన్నో చెప్పలేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకి నాలుగు ముక్కలు కడితే వాటి మధ్య మూడే ఖాళీలుంటాయి, నాలుగు లంకలు ఎలా వస్తాయి? అంకె ఒక నామవాచకాన్ని వదిలి పక్కదాన్ని పట్టుకుంది. "లంకలను ఆధారం చేసుకొని నాలుగు భాగాలుగా కట్టిన ఈ ఆనకట్ట" అంటే సరిపోతుంది.

మరొకటి. "లంకల మీదుగా సాగిన" అంటే లంక మీద కూడా ఆనకట్ట గోడ ఉన్నట్టుంది. లంకలు మధ్యలో పడ్డాయి, పాయలకు అడ్డంగా రాతికట్టు పడింది. "మీదుగా" కూడా తీసేయండి.

భీమవరం_శ్రీను
సరే ఒప్పుకుంటున్నా, అంకెని దాని నామవాచకంతో కలిపి వెతకాలి. "1844 నివేదిక", "నాలుగు భాగాలు" అని. మరి 1852, 1982, 175 ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా?

గ్యాలీ_పెన్సిల్
ఆ మూడూ సరే. అంకెకి నామవాచకం ఒక్కటే చాలదు శ్రీనూ, చోటు కూడా కావాలి. చివరి రెండు వాక్యాలు చూడు.

కాలువగట్టు
ఆయ్, నేను దాని గురించే రాయబోతున్నాను. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరికే 17.75. అక్కడ 75.6 అడుగులు అంటే ఈ డెల్టాలో పుట్టిన పిల్లాడు కూడా నవ్వుతాడు. అది భద్రాచలం గేజీ మీద వచ్చిన మట్టం. రెండు చోట్లా గేజీ సున్నా వేరు, అందుకే అక్కడ మొదటి హెచ్చరిక 43కి, ఇక్కడ 11.75కి. రెండు గేజీల అంకెలు ఒకే గీత మీద పెట్టి పోల్చడానికి లేదు.

అసలు ఈ తప్పు ఎలా వచ్చిందంటే, మూలంలో 7వ వాక్యం రెండో సగం (43, 48, 53) చోటు చాలక తీసేశారు. తీసేయడంలో తప్పు లేదు. కానీ 8వ వాక్యం ఆ సగాన్ని ఆనుకొని నిలబడింది. ఆసరా పోయాక "ఇది" అన్న మాట దగ్గర్లో మిగిలిన ధవళేశ్వరాన్ని పట్టుకుంది. "ధవళేశ్వరం దగ్గర" అన్నది కూడా హెచ్చరికల వాక్యంలోంచి పోయింది చూడండి. ఆ మాట ఉండి ఉంటే రాసేవారికే అనుమానం వచ్చేది.

రాజోలు_టీచర్
అవునండి, ఇప్పుడు కనిపిస్తోంది. అయితే 43, 48, 53 మళ్ళీ పెట్టాలా? చోటు లేదు.

గ్యాలీ_పెన్సిల్
అక్కర్లేదు. రెండు దారులున్నాయి. ఒకటి, "1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది" అని చోటుతో సహా పెట్టడం. కానీ అలా పెడితే పిల్లలు దాన్ని పై వాక్యంలోని 17.75తో పోల్చే ప్రమాదం మిగులుతుంది. రెండోది, ఆ వాక్యం మొత్తం తీసేయడం. నాకు రెండోదే నచ్చుతుంది. చోటు చాలనప్పుడు నియమం ఒక్కటే: షరతును తీసేసి సంగతిని మిగల్చకండి. షరతుకి చోటు లేకపోతే సంగతికీ చోటు లేనట్టే.

"ఇది", "దీన్ని", "ఆయన", "అక్కడ", "దాని స్థానంలో", వీటికి ఎర్ర పెన్సిల్‌తో చుట్టు గీయండి. ప్రతి చుట్టుకీ అది సూచించే మాటను పైన రాసి వాక్యం మళ్ళీ చదవండి. "1986లో ధవళేశ్వరం దగ్గరి వరద మట్టం 75.6 అడుగులకు చేరింది" అని రాసి చదివి ఉంటే ఒక్క క్షణంలో పట్టుబడేది.

పెదలంక_రైతు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ ఇలాంటి పనే పడింది. దాళ్వాకి నీళ్ళ గురించి నీటి సంఘం సమావేశంలో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. మా ఊరి వాట్సాప్ గుంపులో పది లైన్లలో పెట్టాలి. కాగితంలో "జలాశయాల్లో నిల్వలను బట్టి వంతులవారీ విధానం అమలు చేసే అవకాశం పరిశీలిస్తారు" అని ఉంది. నేను "వంతులవారీగా నీళ్ళిస్తారు" అని రాశాను. పర్వాలేదా?

గ్యాలీ_పెన్సిల్
పర్వాలేదు అనలేను. అసలు కాగితంలో మూడు మెట్లున్నాయి. నిల్వలను బట్టి, అవకాశం, పరిశీలిస్తారు. మీ వాక్యంలో మూడూ పోయి నిర్ణయం అయిపోయినట్టు ఉంది. దాన్ని నమ్మి రేపు ఒక రైతు నారు పోసుకుంటే? "నిల్వలు చూసి వంతులవారీ పెట్టాలా అని ఆలోచిస్తారట, ఇంకా తేలలేదు" అనండి. పొడవు పెద్దగా పెరగదు.

ఇది టీచర్ గారికీ పనికొస్తుంది. క్రియ చివర ఉండే మాటలు కుదింపులో ముందు రాలిపోతాయి. "కట్టాలని నివేదించారు" అన్నది "కట్టించారు" అవుతుంది. "అవకాశం ఉంది" అన్నది "అవుతుంది" అవుతుంది. "అంటారు", "చెబుతారు", "అట" ఉన్నవి ఎవరో చెప్పిన మాటల్లోంచి నిజాల్లోకి మారిపోతాయి. అమ్మా, మీ అధ్యాయంలో "అంటారు" అన్నచోట్లు ఏమైనా ఉన్నాయా?

రాజోలు_టీచర్
ఒకటుందండి. "గోదావరి స్నానపు సంకల్పంలో కాటన్ పేరు కూడా చెప్పుకొంటారని కొందరు అంటారు." నేను "సంకల్పంలో కాటన్ పేరు చెప్పుకొంటారు" అని రాశాను.

గ్యాలీ_పెన్సిల్
చూశారా. "కొందరు అంటారు" అన్నది రచయిత జాగ్రత్త. దాన్ని తీసే అధికారం మనకి లేదు. అట్టే పెట్టండి, లేదా వాక్యమే వదిలేయండి.

కాలువగట్టు
పాయల వాక్యం ఎవరూ ముట్టుకోలేదు. "గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలుతుంది" అంటే ఒక్కచోటే మూడుగా చీలినట్టుంది. మూలంలో రెండు మెట్లు. మొదట రెండు, తరవాత వశిష్ఠలోంచి వైనతేయ. కామాలు పెట్టి వరసగా రాస్తే తల్లీ పిల్లా అక్కచెల్లెళ్ళయిపోయారు. కోనసీమ పిల్లలు పటం చూసి అడుగుతారు, వైనతేయ ధవళేశ్వరంలో కనపడదేం అని. "గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి దిగువన వైనతేయ విడిపోతుంది" అనండి.

భీమవరం_శ్రీను
అది కొంచెం ఎక్కువ చూడటం కాదా సార్? మూడు పాయలున్నాయన్నది నిజమే కదా. పిల్లలకి ఒక్క పేజీలో అంత అవసరమా?

కాలువగట్టు
మూడు పాయలున్నాయి అని రాస్తే నేను నోరు మూసుకుంటాను. "ధవళేశ్వరం దిగువన … చీలుతుంది" అన్నారు కాబట్టి చెబుతున్నాను. చోటు చెప్పారంటే ఆ చోట జరిగేదే చెప్పాలి.

రాజోలు_టీచర్
అలాగేనండి. ఇంకొక చిక్కు. అధ్యాయంలో "తూర్పుగోదావరి జిల్లాలోని అమలాపురం" అని ఉంది. రాసినప్పుడు అది సరే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విభజించాక అమలాపురం కోనసీమ జిల్లాకి కేంద్రం. సారాంశంలో ఏం రాయాలి?

గ్యాలీ_పెన్సిల్
మూలం చెప్పినదే. మీ పని సారాంశం, సవరణ కాదు. మార్చాలంటే పేజీ అడుగున సంపాదకుల గమనిక వేయండి.

కాలువగట్టు
నేను ఒప్పుకోను. చదివేది ఇప్పటి పిల్లలు, వాళ్ళకి మూలం కనపడదు. తప్పని తెలిసి అచ్చు వేయడమేమిటి? జిల్లా పేరు తీసేసి "అమలాపురం" అని వదిలేయండి, ఎవరికీ ఇబ్బంది లేదు.

గ్యాలీ_పెన్సిల్
తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. గమనిక లేకుండా మార్చడానికే అభ్యంతరం. రేపు ఎవరైనా రెండూ పోల్చి చూస్తే, మిగతా తేడాలు కూడా ఇలాగే తెలిసి మార్చినవా, పొరపాటున పడ్డవా అన్నది ఎలా తేలుతుంది?

పెదపట్నం_కుమారి
"అప్పటి తూర్పుగోదావరి జిల్లా" అంటే సరిపోదా?

కాలువగట్టు
"అప్పటి" అన్నది మూలంలో లేదని ఇప్పుడు గ్యాలీ గారు అంటారు చూడండి.

గ్యాలీ_పెన్సిల్
అంటాను.

రాజోలు_టీచర్
మీరిద్దరూ తేల్చుకునేలోపు మిగతాది చేస్తాను. పేజీ మొత్తం విరిస్తే ఎన్ని సంగతులు తేలతాయి, ఎంతసేపు పడుతుంది? ఇంకా, ఇది సారాంశం నుంచి మూలానికి వెళ్ళడం కదా. మూలం నుంచి సారాంశానికి కూడా రావాలా?

గ్యాలీ_పెన్సిల్
ఇరవై వాక్యాల పేజీ అయితే యాభై, అరవై సంగతులు తేలవచ్చు. మూలంలో వాక్యాలకు ముందే నంబర్లు వేసుకుంటే రెండు గంటల పని. ఒకేసారి కూర్చుని చేయకండి, చివరికొచ్చేసరికి నంబర్లు అలవాటుగా వేసేస్తారు. చివరి వాక్యంతో మొదలుపెట్టి వెనక్కి రండి, కథ వెంట పడిపోకుండా ఉంటారు. వీలైతే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి, మీరు సంగతి చదవండి, వాళ్ళు మూలంలో వెతకాలి. వాళ్ళు సారాంశం ముందుగా చదివి ఉండకూడదు.

మూలం నుంచి కూడా రావాలి, కానీ అన్నీ ఉన్నాయా అని కాదు. కుదించినప్పుడు చాలా పోతాయి, పోవాలి. మూలంలో "అయితే", "తప్ప", "మాత్రమే", "దాదాపు", "వరకు", "కొందరు" ఉన్న వాక్యాలకే గీత గీయండి. ఆ వాక్యంలోని సంగతి సారాంశంలోకి వచ్చిందా? వస్తే ఆ మాట కూడా వచ్చిందా? ఇంతే. సంగతే రాకపోతే ఆ వాక్యాన్ని వదిలేయండి.

భీమవరం_శ్రీను
సరిదిద్దాక మళ్ళీ మొత్తం చూడాలా?

గ్యాలీ_పెన్సిల్
మొత్తం అక్కర్లేదు. దిద్దిన వాక్యం, దాని ముందుదీ వెనకదీ, ఈ మూడూ మళ్ళీ విరవాలి. టీచర్ గారు 1986 వాక్యం తీసేస్తే దాని తరవాతి వాక్యం "ఆ ఏడాది" అని మొదలైందనుకో, అది ఏ ఏడాదిని పట్టుకుంటుందో చూడు.

రాజోలు_టీచర్
నిజంగానే తరవాతి వాక్యం "ఆ వరదలో" అని మొదలైందండి. దాన్ని కూడా మార్చి, విరిచిన కాగితం ఫోటో తీసి ఇక్కడ పెడతాను.

పెదలంక_రైతు
నాది కూడా పెడతాను, చూసి చెప్పండి. మా గుంపులో అప్పుడే ఇద్దరు నారుమళ్ళ సంగతి అడిగారు.